రెండు ఆఫర్లు, ఒక చెట్టు

పెద్దాపురంలో మా పిన్ని కొడుక్కి ఒకే వారంలో రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ, ఏడాదికి 10 లక్షలు. రెండోది బెంగళూరులో స్టార్టప్, 12 లక్షలు. బాబాయి హైదరాబాదే అన్నారు, వాడి ఫ్రెండ్స్ బెంగళూరన్నారు. "అన్నయ్యా, ఏదో ఒకటి చెప్పెయ్" అని వాడు నాకు ఫోన్ చేశాడు. నేను చెప్పలేదు. కాగితం తీసి డెసిషన్ ట్రీ గియ్యమన్నాను.

గియ్యడం తేలికే. మన చేతిలో ఉన్న ఎంపిక దగ్గర చతురస్రం పెట్టాలి. మన చేతిలో లేని చోట, అంటే ఏం జరుగుతుందో అదృష్టానికి వదిలేసే చోట, సున్నా చుట్టాలి. సున్నా నుంచి బయల్దేరే కొమ్మల మీద సంభావ్యతలు రాయాలి. ఒక సున్నా కొమ్మలన్నీ కూడితే 1 రావాలి. రాలేదంటే జరగబోయేదేదో మర్చిపోయామని అర్థం. కొమ్మ చివర రెండేళ్లలో మొత్తం ఎంతొస్తుందో రాయాలి. హైదరాబాద్‌తో పోలిస్తే బెంగళూరులో అద్దె, తిండి కలిపి రెండేళ్లకు లక్ష ఎక్కువవుతుందని లెక్కేసి, దాన్ని అక్కడి కొమ్మలన్నిటిలో తీసేశాం. స్టార్టప్ ఇస్తానన్న షేర్లకు సున్నా వేశాం. అమ్ముకోలేని కాగితాన్ని జీతంలో కలపకూడదు.

గీసింది ఎడమ నుంచి కుడికి. చదవాల్సింది మాత్రం కుడి నుంచి ఎడమకి.

ముందు హైదరాబాద్. మొదటి ఏడాది 10. రెండో ఏడాది ప్రమోషన్ వస్తే 13, రాకపోతే 11. అంటే మొత్తం 23 లేదా 21. ప్రమోషన్‌కి 0.4 వేశాం.

```
0.4 × 23 + 0.6 × 21 = 21.8
```

ఇక బెంగళూరు. స్టార్టప్‌కి రెండో విడత పెట్టుబడి వస్తే 12 + 15, అందులో లక్ష పోతే 26. రాకపోతే ఏడాది తిరిగేసరికి ఉద్యోగం పోతుంది. అక్కడ మళ్లీ ఓ చతురస్రం ఉంది. దొరికిన మొదటి ఉద్యోగంలో చేరితే మొత్తం 18. మంచిదాని కోసం ఆగితే, త్వరగా దొరికితే 19, ఆలస్యమైతే 15. రెండూ సగం సగం అనుకుంటే సగటు 17. చతురస్రం దగ్గర సగటు తియ్యకూడదు, ఎక్కువున్నది తీసుకోవాలి, ఎందుకంటే అక్కడ ఎంచుకునేది మనమే. కాబట్టి 18. పెట్టుబడి వచ్చే అవకాశం 0.6 అన్నాడు వాడు.

```
0.6 × 26 + 0.4 × 18 = 22.8
```

లక్ష ఎక్కువ. "అయితే బెంగళూరే కదా!" అన్నాడు. ఆ 0.6 ఎక్కడిదిరా అనడిగాను. ఇంటర్వ్యూ చేసినాయన ధీమాగా మాట్లాడాడట!

ఆ నంబరు ఎవరికీ సరిగ్గా తెలీదు. తెలియక్కర్లేదు కూడా. ఎంత దగ్గర రెండు ఆఫర్లూ సమానమవుతాయో చూస్తే చాలు.

```
26p + 18(1 - p) = 21.8
p = 0.475
```

ఇప్పుడు ప్రశ్న మారిపోయింది. ఏ ఉద్యోగం మంచిదని కాదు, పెట్టుబడి వచ్చే అవకాశం 47.5 శాతం కన్నా ఎక్కువా, తక్కువా అని. దీనికైతే ఆరా తియ్యొచ్చు. బ్యాంకులో ఎన్ని నెలల జీతాలకు డబ్బుంది, ఇప్పటికే డబ్బు కట్టే కస్టమర్లు ఎందరున్నారు అని కంపెనీనే అడగమన్నాను. డబ్బు పది నెలలకుందట. కస్టమర్ల గురించి సూటిగా చెప్పలేదట. వాడే 0.6 కొట్టేసి 0.5 రాశాడు. బెంగళూరు విలువ 22కి దిగింది. తేడా 20 వేలు. మన అంచనాల్లో ఉండే తప్పు ముందు అదో తేడాయే కాదు.

ఇంకో సంగతి. ఆ 22 లక్షలు వాడికి ఎప్పటికీ రావు. వచ్చేది 26, లేకపోతే 18. ఇలాంటి పందెం వందసార్లు ఆడితే సగటు 22 అవుతుంది. వాడు ఆడేది ఒక్కసారే. పైగా చదువు కోసం తీసిన లోన్ మీద బాబాయి సంతకం ఉంది. 18 వచ్చే దారిలో జీతం రాని నెలలు కొన్ని ఉంటాయి. ఆ నెలల్లో ఈఎంఐ బాబాయి కట్టాలి. సగటు చూపించి బ్యాంకువాళ్లను ఆగమనలేం కదా. ఆరు నెలల ఈఎంఐ పక్కన ఉన్నవాడికి, అదే 0.5 దగ్గర బెంగళూరు తప్పేం కాదు. మావాడి దగ్గర అది లేదు.

హైదరాబాద్ ఆఫర్‌కే ఓకే చెప్పాడు. రేపు ఆ స్టార్టప్‌కి కోట్లు వచ్చిపడొచ్చు. సగం అవకాశం ఉందని వాడే రాసుకున్నాడు కాబట్టి, అది జరిగినా ఈ లెక్క తప్పని కాదు. కాగితం మాత్రం దాచుకోమన్నాను. లోన్ తీరాక మళ్లీ ఆఫరొస్తే అదే చెట్టులో నంబర్లు మారతాయి.