ఇరవై నాలుగు లక్షల లెక్క

ముప్పై ఏండ్లుగా మదరసాలో ఫరాయిజ్ పాఠం చెబుతున్నాను. మృతుని ఆస్తిలో ఎవరికి ఎన్నో వంతు చెందుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా మా చెల్లెలు రెండు కాగితాలు నా ముందుంచి, "భాయిజాన్, వీటిలో ఏది మేలు?" అని అడిగిన రోజున వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మా బావగారు పనిచేసిన కంపెనీ తన ఉద్యోగులందరికీ సామూహిక జీవిత బీమా చేయించింది. ఆయన మరణానంతరం, చెల్లెలు ఇంకా ఇద్దత్‌లో ఉండగానే, బీమా సంస్థ నుండి పత్రాలు వచ్చాయి. అందులో రెండు మార్గాలు చూపారు. ఒకటి, 20 లక్షల రూపాయలు ఒకేసారి తీసుకోవడం. రెండవది, ఏటా 2,40,000 చొప్పున పది వాయిదాలు తీసుకోవడం. మొదటి వాయిదా ఇప్పుడే చెల్లిస్తారు. మిగిలిన తొమ్మిది ఏటేటా వస్తాయి. వాటికి సంస్థ హామీ ఉంది.

పత్రాలు తెచ్చిన ఏజెంటు, "వాయిదాలైతే 24 లక్షలు వస్తాయి. 4 లక్షలు లాభం" అన్నాడు. పక్కనున్న బంధువొకరు, "20 లక్షలకు ఏటా 2,40,000 అంటే నూటికి పన్నెండు. ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు. చెల్లెలి మనసు కూడా వాయిదాల వైపే మొగ్గింది. దానికి ఆమె కారణం వేరు: "పెద్ద మొత్తం చేతికొస్తే అడిగేవారు బయలుదేరుతారు. కాదనలేను."

ఆ రాత్రి కాగితం, కలం తీసుకొని కూర్చున్నాను. బంధువు చెప్పిన పన్నెండులోని పొరపాటు ముందుగా తెలిసింది. ఏటా వచ్చే 2,40,000లో అధిక భాగం మన అసలే మనకు తిరిగి రావడం. పదేండ్లు గడిచాక అక్కడ మిగిలేది శూన్యం. అసలు చెక్కుచెదరకుండా ఉండి, పైన ఏటా అంత వస్తేనే దానిని పన్నెండు శాతం అనాలి. ఏజెంటు చెప్పిన 4 లక్షల మాటలో లోపం మరొక రకమైనది. నేటి రూపాయినీ, తొమ్మిదేండ్ల తర్వాత వచ్చే రూపాయినీ అతడు ఒకే కుప్పలో పోసి కూడాడు.

సంస్థ మన సొమ్మును ఏ రేటున తన వద్ద ఉంచుకొంటున్నదో తెలుసుకోవడమే సరైన లెక్క. ఆ రేటు పత్రంలో ఎక్కడా రాసి ఉండదు, అంకెల్లోనే దాగి ఉంటుంది. దానిని బయటికి తీయడానికి పెద్ద గణితం అవసరం లేదు. మొదటి వాయిదా నేడే వస్తున్నది కాబట్టి, సంస్థ వద్ద నిజంగా నిలిచేది 20 లక్షలు కాదు, 17,60,000 మాత్రమే. ఈ నిల్వ నుండి తొమ్మిది వాయిదాలు చెల్లించి, చివరికి ఖాతా సరిగ్గా శూన్యం కావాలంటే ఏటా ఎంత శాతం కలవాలి? అదే మనకు కావలసిన రేటు.

మొదట 4 శాతం అనుకొని చూశాను. మొదటి ఏడాది 70,400 కలుస్తుంది. వాయిదా పోగా 15,90,400 నిలుస్తుంది. రెండవ ఏడాది వాయిదా తర్వాత 14,14,016 మిగులుతుంది. ఇలా వరుసగా వేసుకుంటూ పోతే, తొమ్మిదవ వాయిదా నాటికి సుమారు 35 వేలు తక్కువ పడింది. అంటే రేటు 4 కన్న ఎక్కువ. 5 శాతంతో మళ్ళీ వేశాను. ఈసారి సుమారు 84 వేలు మిగిలింది. అంటే 5 కన్న తక్కువ. 35 వేల కొరతకూ 84 వేల మిగులుకూ మధ్య శూన్యం ఎక్కడ పడుతుందో చూస్తే, రేటు సుమారు 4.3 శాతమని తేలింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మొదటి వాయిదా ఇప్పుడు కాక ఏడాది చివర వచ్చేదైతే, మొత్తం అదే 24 లక్షలైనా, ఆ రేటు సుమారు 3.5 శాతానికి పడిపోతుంది. కనుక పత్రంలో మొదటి వాయిదా తేదీని చూడకుండా సంతకం చేయరాదు.

రేటు తెలిశాక, దానిని దేనితో పోల్చాలన్న ప్రశ్న వచ్చింది. జవాబు ఇంట్లోనే ఉంది. బావగారు జబ్బుపడినప్పుడు గత్యంతరం లేక నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు అప్పు తెచ్చారు. అది ఏడాదికి 24 శాతం. ఏటా 96,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. సంస్థ వద్ద ఉంచిన 17,60,000 మీద మొదటి ఏడాది కలిసేది దాదాపు 75,700. నాలుగు లక్షల అప్పు తినివేసేది అంతకన్న ఎక్కువ! ఏజెంటు లాభమన్న వాయిదాలను ఎంచుకొని ఆ అప్పును అలాగే ఉంచితే ఇల్లు గడవదు.

బీమా గురించి ధర్మవేత్తల మధ్య ఉన్న చర్చను ఇక్కడ విప్పబోను. కుటుంబం దాని గురించి ముఫ్తీ గారిని అడిగింది. వాయిదాల సంగతి చెప్పినప్పుడు ఆయన ఒకే ప్రశ్న వేశారు: "ఈ రోజే పూర్తిగా చేతికి రావలసిన సొమ్మును ఆపినందుకే కదా ఆ 4 లక్షలు?" నా కాగితంలో ఏటేటా కలుస్తూ వచ్చిన అంకె అదేనని నాకు అర్థమైంది. రావలసిన సొమ్మును ఆపినందుకు కాలానికి కట్టిన ధర ఏ పేరుతో వచ్చినా వడ్డీయే.

మరొక విషయం ఫరాయిజ్ విద్యార్థికి తెలిసినదే. మృతుని అప్పు తీర్చిన తర్వాతే వారసులకు పంపకం. వాయిదాలు ఒక్కరి పేరున పదేండ్లు వస్తుంటే అప్పూ ఆగుతుంది, ఇతర వారసుల వాటాలూ ఆగుతాయి. ఒకేసారి తీసుకుంటే 4 లక్షల అప్పు తీరి 16 లక్షలు మిగులుతుంది. అందులో బావగారి తల్లికి ఆరవ వంతు, అంటే దాదాపు 2,66,700. భార్యకు ఎనిమిదవ వంతు, అంటే 2 లక్షలు. మిగిలిన సుమారు 11,33,300 కుమారునికి రెండు పాళ్ళు, ఇద్దరు కుమార్తెలకు ఒక్కొక్క పాలు.

ఈ లెక్కంతా చెప్పాక కూడా చెల్లెలి భయం మిగిలే ఉంది. అది ఉత్త భయం కాదు. అందుకే తన వాటా, పిల్లల వాటాలు కలిపి 12 లక్షలతో బజారు వీధిలో చిన్న దుకాణం గది కొన్నాము. దస్తావేజులో పిల్లల పేర్లు కూడా రాయించాము. మిగిలినది ఇంటి ఖర్చులకు ఉంచాము. గదిని ఎవరూ చేబదులు అడగలేరు. నెలకు 5,000 అద్దె, ఏడాదికి 60,000. అది 12 లక్షలకు 5 శాతం, పైగా అసలు గది రూపంలో నిలిచే ఉంటుంది.

ఇందులోనూ కష్టం లేకపోలేదు. గది రెండు నెలలు ఖాళీగా ఉంటే వచ్చేది 50,000 మాత్రమే. అంటే సుమారు 4.2 శాతం, వాయిదాల రేటు కన్న కొంచెం తక్కువ. మరమ్మతులు వేరు. హామీ ఉన్న వాయిదాకు ఈ బెడద లేదు. ఆ నిశ్చింతను వదులుకుంటున్నామని చెల్లెలికి ముందే చెప్పాను.

ఇద్దత్ ముగిసిన తర్వాత ఆమె 20 లక్షల కాగితం మీద సంతకం చేసింది. సొమ్ము రాగానే మొదట అప్పిచ్చినవారి పత్రం వెనక్కి తెచ్చుకొన్నాము. మొన్న వేసవిలో గది ఒక నెల ఖాళీగా ఉన్నది. ఆ నెల చెల్లెలు నాకు ఫోన్ చేసి, "భాయిజాన్, ఈ ఏడు నూటికి ఎంత పడింది?" అని అడిగింది. "నాలుగున్నర దాటింది" అన్నాను. "అయితే ఇంకా పైనే ఉన్నాము, అల్‌హందులిల్లాహ్" అన్నది.