ఫొటోలో గోరింకలెన్ని?

జొన్న చేను మీద లేచిన గులాబీ గోరింకల గుంపుని ఫొటో తీసి, దానిమీద గీతలు గీసి 24 గళ్లు చేసినం. నడిమి గడిలో 60 పిట్టలు. 24తో గుణిస్తే 1,440! పక్షుల లెక్కకు అదే పంపబోయినం. మా సీనియర్ అన్న ఆపిండు: "అంచుల గళ్లు చూసిండ్రా?" వాటిల్లో ఏడెనిమిదికి మించి లేవు. మేం ఎంచుకున్నదే అన్నిటికంటే చిక్కటి గడి మరి.

మళ్లా మొదలుపెట్టినం. చిక్కటి గళ్లు 6, మధ్యరకం 8, పలుచనివి 10. ఒక్కో రకంలో ఒక గడి లెక్కపెడితే 60, 30, 7 వచ్చినయ్. అంటే 360, 240, 70, మొత్తం 670. గీత మీద పడ్డ పిట్టని ఎడమ గడికో పై గడికో వేసినం, లేకుంటే రెండుసార్లు వస్తది. ఒకదాని వెనుక ఒకటి దాగినవి ఎట్లాగూ అందవు. అందుకే "సుమారు 670, ఇంకొన్ని ఉండొచ్చు" అని రాసినం. 1,440 అనే పంపి ఉంటే, వచ్చే ఏడు సరిగ్గా లెక్కపెట్టినోళ్లకు సగం పిట్టలు మాయమైనట్టు కనపడేది.