తేనె, చీర, ఉడుము

ఈ మూడింటితోనూ అతికే ఒక్క మాట చెప్పండి. ముందు అతికినా సరే, వెనక అతికినా సరే.

చాలామంది చీర దగ్గర మొదలుపెడతారు. నేత, కొంగు, అంచు, కట్టు అన్నీ వరసగా వచ్చేస్తాయి. చీరకట్టు బాగుంది కదా అని దాన్నే పట్టుకుంటే తేనె దగ్గర ఆగిపోతాం. పైగా ఒకసారి తట్టిన తప్పు జవాబు ఓ పట్టాన వదలదు, కొత్తది రానివ్వదు. కాసేపు పక్కన పెట్టి వేరే పని చూసుకోవడమే మేలు.

నేనైతే జతలు తక్కువున్న మాటతో మొదలుపెడతాను. ఉడుముకి ఏం అతుకుతుంది? దాదాపు ఒక్కటే, ఉడుంపట్టు. దాన్ని తేనె దగ్గరికి తీసుకెళ్తే తేనెపట్టు. చీరకి ముందు పెడితే పట్టుచీర. ఒకచోట బిగింపు, ఒకచోట తేనెటీగల గూడు, ఒకచోట వస్త్రం. మూడింటి అర్థాలకీ పొత్తు లేదు కాబట్టే అర్థం వెంట పోతే జవాబు దొరకదు.

ఈ ఆటని సృజనాత్మకతకి పరీక్షగా మలిచింది అమెరికన్ మనస్తత్వవేత్త సార్నాఫ్ మెడ్నిక్, 1962లో. ఇంగ్లిష్‌లో బాగా తెలిసిన ఉదాహరణ కాటేజ్, స్విస్, కేక్. జవాబు చీజ్.

తెలుగులో తయారుచేసేటప్పుడు సంధి చూసుకోవాలి. ‘నీరు’ జవాబుగా పెట్టి ‘కన్ను’ ఇస్తే, కన్నీరులో ఆ మాట సగం దాక్కుంటుంది. అలాంటిది ఒప్పుకుంటారో లేదో ముందే చెప్పాలి.

ఇంకొకటి: పిట్ట, పుంత, కోవా. కామెంట్లలో రాయండి.