రానన్లేదు

మా నాయనమ్మకీ, ఆవిడ తమ్ముడికీ చాలా ఏళ్లుగా మాటల్లేవు. వాళ్ల అమ్మ చనిపోయినప్పుడు నాయనమ్మ వెళ్లలేదు. గొడవ అదే. ఫోన్ చేసి మాట్లాడమంటే "వాడు నన్ను చెప్పనివ్వడురా, మధ్యలో అరుస్తాడు" అంటుంది. అందుకని సంక్రాంతి సెలవుల్లో ఒక మధ్యాహ్నం నా ఫోన్ తన ముందు పెట్టి, "చినతాతయ్య ఎదురుగా ఉన్నాడనుకుని చెప్పు, మధ్యలో ఎవరూ అరవరు" అన్నాను. గంటా ముప్పై ఆరు నిమిషాలు చెప్పింది.

అసలు పని తర్వాత మొదలైంది. రికార్డింగ్ 92 ఎంబీ ఉంది. చినతాతయ్యది బటన్ ఫోన్. ఆ ఊళ్లో జిరాక్స్ షాపతను మెయిల్‌లో పంపితే మెమరీ కార్డులో ఎక్కిస్తానన్నాడు. లింక్ పంపుతానంటే వద్దన్నాడు, ఇంతకుముందు ఏదో లింక్ నొక్కి దెబ్బతిన్నాడట. ముక్కలు చేసి పంపుదామంటే నాన్న ఒప్పుకోలేదు. "మామయ్యకి ఏది ముందో ఏది వెనకో ఎలా తెలుస్తుందిరా" అన్నారు. నిజమే. మెయిల్ పరిమితి 25 ఎంబీ. నేను సీఎస్ఈ సెకండియర్. ఇది అరగంట పని అనుకున్నాను.

లెక్క సులువే. ఫైల్ సైజు అంటే సెకనుకి ఎన్ని బిట్లు ఖర్చు పెడుతున్నామో దాన్ని సెకన్లతో గుణించడమే. 96 నిమిషాలంటే 5,760 సెకన్లు. ఫోన్ సెకనుకి 128 కిలోబిట్లు వాడింది. నేను 32 చాలన్నాను. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 4 కిలోబైట్లు, మొత్తం 23 ఎంబీ. పాతికలోపే కదా! అటాచ్ చేశాను. సైజు ఎక్కువైందని వెనక్కి వచ్చింది.

రెండుసార్లు ప్రయత్నించాక తెలిసింది. మెయిల్ అనేది మొదట్నుంచీ అక్షరాలు మోయడానికి చేసిన బండి. ఆడియో లాంటి ఫైల్‌ని అందులో ఎక్కించాలంటే ముందు అక్షరాలుగా మార్చాలి. ఆ పద్ధతి పేరు బేస్64. మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. అంటే ప్రతి ఫైలూ దారిలో మూడో వంతు లావెక్కుతుంది. నా 23 ఎంబీ 30 దాటిపోయింది. పాతిక ఎంబీ పరిమితి అంటే నిజానికి 18 ఎంబీలోపు ఫైలన్నమాట.

ఇక్కడే నేను తెలివి చూపించాను. నాయనమ్మ మాట్లాడేటప్పుడు చాలా ఆగుతుంది. ఆ ఖాళీలన్నీ తీసేస్తే క్వాలిటీ తగ్గించకుండానే సైజు తగ్గుతుంది కదా అనుకున్నాను. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దానికో ఫిల్టర్ ఉంది:

```
silenceremove=stop_periods=-1:stop_duration=0.3:stop_threshold=-30dB
```

శబ్దం ఈ గీత కింద 0.3 సెకన్లు ఉంటే దాన్ని నిశ్శబ్దం కింద లెక్కేసి తీసెయ్యమని అర్థం. 96 నిమిషాలు 74 అయ్యాయి, ఫైలు 17.8 ఎంబీకి వచ్చింది. అక్కడక్కడా విన్నాను. గొంతు బాగానే ఉంది, మాట స్పష్టంగానే ఉంది. పంపేద్దామని కూర్చున్నాను.

అప్పుడు నాన్న పక్కనుంచి విని, "ఆగు, మళ్లీ వినిపించు" అన్నారు. మళ్లీ పెట్టాను. "అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు నేను రానన్..." అక్కడ తెగి, వెంటనే తర్వాతి వాక్యం. "ఇదేంటిరా, రానన్నాను అన్నట్టుంది?" అన్నారు నాన్న.

ఒరిజినల్ పెట్టాం. నాయనమ్మ అన్నది "నేను రానన్లేదురా" అని. ఆ 'లేదురా' దగ్గరికి వచ్చేసరికి గొంతు బాగా పడిపోయింది. ఆ తర్వాత నాలుగు సెకన్లు ఏమీ లేదు, ఫ్యాన్ శబ్దం తప్ప. నా ఫిల్టర్‌కి ఆ 'లేదురా' కూడా గీత కిందే ఉంది, వెనకాల ఉన్న నిశ్శబ్దంతో కలిపి ఒకే ఖాళీగా కనిపించింది. తీసేసింది. అన్నేళ్ల గొడవకి ఆవిడ ఇచ్చిన జవాబు ఆ ఒక్క ముక్కలోనే ఉంది.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీషులో 'నాట్' క్రియ కంటే ముందే వచ్చేస్తుంది, వాక్యం చివర మింగేసినా విషయం తెలిసిపోతుంది. తెలుగులో అలా కాదు. వచ్చానా, వచ్చాడా, వచ్చారా, రాలేదా, అన్నీ చివరి అక్షరాల్లోనే తేలతాయి. మనం మాట్లాడేటప్పుడు గొంతు తగ్గేది కూడా సరిగ్గా అక్కడే. రోజూ మాట్లాడే భాషే, కానీ ఈ సంగతి నేనెప్పుడూ గమనించలేదు. నేను టెస్ట్ చేసినప్పుడు కూడా మాటల మొదళ్లు విని బాగుందనుకున్నాను.

సరే, ఖాళీలు ముట్టుకోకూడదు. నిమిషాలు 96 ఉండాల్సిందే. అప్పుడు 18 ఎంబీని 5,760 సెకన్లకి పంచితే సెకనుకి 25 కిలోబిట్లు వస్తాయి. ఎంపీ3లో దాని కింద ఉన్న మెట్టు 24. ఓపస్ అనే ఫార్మాట్ ఇంత తక్కువలో ఇంకా బాగా ఉంటుంది, కానీ చినతాతయ్య బటన్ ఫోన్ ఆ ఫైల్ తెరుస్తుందన్న నమ్మకం లేదు. ఎంపీ3 అయితే పాటలు ఎలాగూ వింటున్నాడు.

24తో మాట స్పష్టంగా ఉండాలంటే బిట్లు వృథా కాకూడదు. ఫోన్ రెండు ఛానళ్లలో రికార్డ్ చేసింది, రెండింట్లోనూ ఉన్నది ఒకటే నాయనమ్మ. అందుకని మోనో. తర్వాత శాంప్లింగ్ రేటు. ఫోన్ సెకనుకి 44,100 సార్లు కొలిచింది. అందులో సగం, అంటే దాదాపు 22 వేల హెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది. మాటకి అంత అక్కర్లేదు. ముందు బాగా తగ్గించి 8,000 పెట్టి చూశాను. 4 వేల హెర్ట్జ్ పైన అంతా పోయింది, పాత ల్యాండ్‌లైన్‌లా ఉంది. 'స' పలకడంలో వచ్చే గాలి శబ్దం ఎక్కువగా ఆ పైనే ఉంటుంది, అందుకే 'సెలవు' కాస్తా 'ఫెలవు' అయింది. అసలే నాయనమ్మకి ముందు పళ్లు లేవు. 16,000కి పెంచితే 'స' తిరిగి వచ్చింది. చివరిగా ఫ్యాన్. దాని గుయ్‌మనే శబ్దానికి కూడా ఎన్‌కోడర్ బిట్లు ఖర్చు పెడుతుంది, దానికి ఏది మాటో ఏది ఫ్యానో తెలీదు. 100 హెర్ట్జ్ కింద ఉన్నది తగ్గించేశాను, నాయనమ్మ గొంతు అంత కిందికి పోదు. అంతకంటే గట్టిగా శుభ్రం చేసే నాయిస్ ఫిల్టర్ల జోలికి పోలేదు. అవి కూడా మెల్లగా ఉన్నదాన్నే ముందు తింటాయి.

```
ffmpeg -i nayanamma.m4a -af highpass=f=100 -ac 1 -ar 16000 -b:a 24k nayanamma.mp3
```

17.3 ఎంబీ. ఈసారి మొదళ్లు వినలేదు. ఒరిజినల్‌లో గొంతు బాగా తగ్గిన చోట్లు పది రాసుకుని, ఇయర్‌ఫోన్స్ లేకుండా ఫోన్ స్పీకర్‌లోనే, ఫ్యాన్ వేసుకుని మరీ, వాక్యాల చివరలు విన్నాను. కొంచెం నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉంది, అది నిజం. కానీ పదికి పది చోట్లా ఆవిడ ఏమందో తెలుస్తోంది. 41వ నిమిషంలో 'లేదురా' ఉంది. దాని తర్వాత నాలుగు సెకన్లూ ఉన్నాయి.

మెయిల్ వెళ్లింది. మూడో రోజు సాయంత్రం నాన్న ఫోన్‌కి చినతాతయ్య చేశాడు. అంతా విన్నానన్నాడు. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. కాల్ కట్ అయిందేమోనని నాన్న ఫోన్ తీసి చూశారు. కట్ అవలేదు.

"అక్క రానన్లేదంట గదరా" అన్నాడు. "బస్సుల్లేవంట."

నాన్న ఫోన్ తీసుకెళ్లి నాయనమ్మ చేతికిచ్చారు.