రాజీనామా మెయిల్‌లో అసలు పేరా

నేను పంపిన రాజీనామా మెయిల్‌లో నాలుగే పేరాలు. కారణానికి ఒక వాక్యం, తేదీలకు ఒక పేరా, థాంక్స్‌కి రెండు ముక్కలు. మిగిలిందంతా పని అప్పగింత గురించే. గేట్ రాసి ఎంటెక్‌కి వెళ్దామనుకునే ఫ్రెండ్స్ చాలామంది "మెయిల్ ఎలా రాశావ్?" అని అడుగుతున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు తేదీల సంగతి. ఐఐటీ సీట్ల ఆఫర్లు సీఓఏపీ పోర్టల్‌లో రౌండ్ల వారీగా వస్తాయి. ఆఫర్ రాగానే మూడు దార్లుంటాయి: 'యాక్సెప్ట్ అండ్ ఫ్రీజ్', 'రిటైన్ అండ్ వెయిట్', 'రిజెక్ట్ అండ్ వెయిట్'. రిటైన్‌లో ఉన్నంతకాలం ఏ ఊరికి, ఏ బ్రాంచికి వెళ్తామో తేలదు. ఫ్రీజ్ నొక్కాకే సీటు ఖాయం. ఆ తర్వాతే నేను మెయిల్ రాశాను, జూన్ 2న. నా నోటీసు 60 రోజులు. జూన్ 2ని మొదటి రోజుగా లెక్కపెడితే జూన్‌లో 29, జూలైలో 31, అంటే జూలై 31కి సరిగ్గా పూర్తవుతుంది. కానీ కాలేజీలో రిపోర్ట్ చేయాల్సింది జూలై 28న! అందుకని చివరి రోజుగా జూలై 24 అడిగాను. అప్పటికి 53 రోజులే అవుతాయి, 7 తక్కువ. ఆ ఏడింటిని ఎలా సర్దుతారో మేనేజర్ అడగక ముందే నేనే రాశాను. మీ ఆఫర్ లెటర్‌లో రెండు విషయాలు చూసుకోండి. నోటీసు ఏ రోజు నుంచి లెక్క? తక్కువ పడ్డ రోజులకు డబ్బు కట్టాల్సొస్తే అది బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా? రెండింటికీ తేడా చాలా ఉంటుంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాశాను. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"ఎంటెక్ చదవడానికి ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను.

నోటీసు జూలై 31తో ముగుస్తుంది. 28న కాలేజీలో చేరాలి కాబట్టి జూలై 24ను నా చివరి పనిదినంగా అనుమతించగలరు. తగ్గే 7 రోజులను నా మిగులు సెలవుల్లో సర్దగలరు. వీలుకాకపోతే ఆ మేరకు జీతం మినహాయించుకోవచ్చు.

రాత్రి 2 గంటల బ్యాచ్ జాబ్‌ను ఎవరికి అప్పగించాలో ఈ వారంలో చెప్పగలరు. జూన్ 16 వరకు రాసిపెట్టి వివరిస్తాను. జూన్ 17 నుంచి జూలై 7 వరకు వారు చేస్తుంటే పక్కన ఉంటాను. జూలై 8 నుంచి వారే చేస్తారు, అడిగితేనే నేను వస్తాను. జూలై 17న నా పర్మిషన్లు తీసేయమని కోరుతున్నాను.

చేరిన కొత్తలో జాబ్ ఆగిన ప్రతి రాత్రీ మీరు ఫోన్ ఎత్తి, లాగ్ ఎలా చదవాలో నేర్పారు. ఆ నేర్పును ఇంకొకరికి అందించి వెళ్తాను."

థాంక్స్ అంటే అంతే. "ఈ సంస్థ నాకెంతో నేర్పింది" అని రాస్తే ఎవరికీ ఏమీ గుర్తురాదు. అర్ధరాత్రి ఫోన్ సంగతి రాస్తే మేడంకి ఆ రాత్రులు గుర్తొస్తాయి.

ఇక అసలు పేరా, అప్పగింత. నా పని ఏంటంటే, వందల షాపుల అమ్మకాల లెక్కలు రాత్రి 2కి లాగి, పొద్దున 6కల్లా ఫైనాన్స్ వాళ్లకు రిపోర్ట్ పంపే జాబ్‌ను చూసుకోవడం. రోజూ నడిచేదాన్ని నేర్పడం తేలిక. నెలకోసారి నడిచేదానితోనే ఇబ్బంది. 53 రోజుల్లో నెలాఖరు వచ్చేది ఒక్కసారే, జూన్ 30న. ఆ రాత్రి కొత్త తమ్ముడు కీబోర్డు దగ్గర, నేను పక్కన ఉండాలి. అందుకే రెండో దశను జూన్ 30 దాటేలా పెట్టాను. ఏడాదికోసారి వచ్చేవి, అంటే సర్వర్ సర్టిఫికెట్ గడువు లాంటివి, నోటీసులో ఎదురే కావు. అవి డాక్యుమెంట్‌లో రాసి ఊరుకుంటే మర్చిపోతారు. టీమ్ క్యాలెండర్‌లో గడువుకి నెల ముందు రిమైండర్ పెట్టాను.

జూన్ మధ్యలో చిట్యాల వెళ్లాను, ఇంట్లో చెప్పాలి కదా. బాపు పత్తి చేను దగ్గరున్నాడు. విని కాసేపు ఏమీ అనలేదు.

"నెలకెంత ఇస్తరు బిడ్డా అక్కడ?"

"పన్నెండు వేల నాలుగొందలు, బాపూ."

"ఇల్లు కిరాయి, తిండి?"

"హాస్టలే. ఎల్తది. లోన్ కిస్తీలకు ఏడాదికి సరిపడ దాచిన."

నిజానికి 12,400 రూపాయల స్టైపెండ్ నా జీతం ముందు చాలా చిన్నది. ఆ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు. కొంతసేపటికి ఆయనే, "మరి ఆ పని ఎవనికి అప్పజెప్తున్నవ్?" అన్నాడు. తర్వాత తన కౌలు చేను సంగతి చెప్పాడు. నాలుగేళ్లు చేసి వదిలేసినప్పుడు కొత్త కౌలుదారుకు గట్లు చూపిస్తే అయిపోయేది. కానీ మోటరు స్టార్టర్ పచ్చ బటన్ ఒక్కసారి నొక్కితే పట్టదు, నొక్కిపట్టి ఉంచాలి. "అది ఏ కాయితంల ఉంటది? ఆయనతోనే ఒత్తిపిచ్చిన" అన్నాడు.

హైదరాబాద్ తిరిగొచ్చాక నా డాక్యుమెంట్ పక్కన పెట్టి, తమ్ముడు చేస్తుంటే చూడటం మొదలుపెట్టాను. ఆరో రోజున ఒక షాపు ఫైల్ ఖాళీగా వచ్చింది. "అన్నా, డాక్యుమెంట్‌లో రీరన్ చెయ్యమని ఉంది" అన్నాడు. నేనైతే ముందు ఆ షాపుకి ఆ రోజు సెలవేమో చూస్తాను. చూసే అలవాటు నా చేతిలో ఉంది, కాగితం మీద లేదు. పక్కన కూర్చోకపోతే అది బయటపడేదే కాదు. అతనితోనే ఆ లైను రాయించాను.

జూలై 17న పర్మిషన్లు ఎందుకు తీయించానంటే, చివరి రోజున ఐడీ మూసేశాక ఏదైనా ఆగితే సరిచేయడానికి మనం ఉండం. వారం ముందే తీయిస్తే ఉంటాం. ఆ రాత్రి జాబ్ నడిచింది, రిపోర్ట్ తయారైంది. కానీ ఫైనాన్స్‌కి మెయిల్ వెళ్లలేదు. ఆ ఒక్క స్టెప్‌ను టూల్ తయారుచేసినవాళ్ల ఐడీతోనే నడిపిస్తుంది. మర్నాడు దాన్ని టీమ్ సర్వీస్ అకౌంట్‌కి మార్చారు. ఆ మార్పు కూడా తమ్ముడే చేశాడు. అప్పగింత అయ్యిందో లేదో తెలుసుకోడానికి నాకు తెలిసిన గుర్తు ఒకటే: అలర్ట్ వచ్చినప్పుడు ఫోన్ ఎవరిది మోగుతోంది? నోటీసు ఆఖరి వారంలో కూడా మీదే మోగుతుంటే, కాగితాలు ఎన్ని సంతకాలైనా పని ఇంకా మీ దగ్గరే ఉన్నట్టు.

వెళ్లేముందు రిలీవింగ్ లెటర్‌తో పాటు ఇంకోటి అడగండి. పీఎఫ్ రికార్డులో మీ చివరి తేదీ నమోదు చేయించుకోండి. అది లేకపోతే తర్వాత డబ్బు తీసుకోవడం దగ్గర ఆగిపోతుంది. కంపెనీ మర్చిపోతే, చివరి జమ అయిన రెండు నెలల తర్వాత ఈపీఎఫ్ఓ మెంబర్ పోర్టల్‌లో 'మార్క్ ఎగ్జిట్' ద్వారా మనమే నమోదు చేసుకోవచ్చు.

జూలై 24 సాయంత్రం లాప్‌టాప్ ఇచ్చేసి బయటికొచ్చాను. ఆ రాత్రి 2 గంటలకు అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. ఫోన్ చూశాను. ఏమీ లేదు. పొద్దున ఏడింటికి తమ్ముడి మెసేజ్ మాత్రం ఉంది: "రాత్రి ఒక షాపు ఫైల్ ఖాళీ అన్నా. సెలవంట. కనుక్కున్నా."