స్వామి రాయి ఎందుకు విసిరాడు?

తీరాంధ్రలోని ఒక చిన్న పట్టణపు ఉన్నత పాఠశాలలో శనివారం చివరి పీరియడు పఠన మండలికి కేటాయించినది. తొమ్మిదవ తరగతి పిల్లలు పదిహేనుమంది గ్రంథాలయపు గదిలో గుండ్రంగా కూర్చుంటారు. సాంఘికశాస్త్రం బోధించే మాస్టారు మండలి నిర్వాహకులు. ఆ సంవత్సరం వారు ఎన్నుకొన్న గ్రంథం ఆర్. కె. నారాయణ్ 1935లో వెలువరించిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’. చదవడం ఆంగ్లంలోనే జరిగినా చర్చ మాత్రం తెలుగులో సాగాలని మాస్టారు నిర్ణయించారు. ప్రశ్న ఆంగ్లంలో ఉంటే పిల్లవాని ఆలోచన బయటపడదు, అతని ఆంగ్లం మాత్రమే బయటపడుతుంది.

మొదటి వారం ఆయన ఇరవై ప్రశ్నలు వ్రాసుకొని వెళ్లారు. స్వామి చదివిన పాఠశాల పేరేమి? రాజం తండ్రి ఉద్యోగమేమి? పాఠశాల కిటికీల అద్దాలు పగులగొట్టడం మంచి పనియేనా? మొదటి రెండింటికీ ఒక్కొక్క మాటలో సమాధానం వచ్చింది. మూడవదానికి పదిహేనుమందీ కూడబలుక్కొన్నట్లు “కాదండీ” అన్నారు. పావుగంటలో ఇరవై ప్రశ్నలూ పూర్తయిపోయాయి. మిగిలిన అరగంటా మాస్టారే మాట్లాడవలసి వచ్చింది.

ఇంటికి వెళ్లిన తరువాత ఆయనకు ఒక సంగతి స్ఫురించింది. సమాధానం చెప్పేటప్పుడు పిల్లలలో ఒక్కరి చూపైనా పుస్తకం మీద లేదు, అందరూ ఆయన ముఖమే చూస్తున్నారు. కోరిన జవాబు ప్రశ్నలోనే దాగి ఉన్నప్పుడు పిల్లలు దానిని పుస్తకంలో వెదకరు, అడిగినవారి కనుబొమలలో వెదకుతారు. చర్చ విఫలమైనదని తెలుసుకొనడానికి ఇంతకంటె నమ్మదగిన గుర్తు లేదు.

ప్రశ్నల తీరును గురించి ఆలోచించినవారు లేకపోలేదు. చికాగోలో 1947లో రాబర్ట్ హచిన్స్, మార్టిమర్ ఆడ్లర్‌లు నెలకొల్పిన గ్రేట్ బుక్స్ ఫౌండేషన్ సంప్రదాయంలో ప్రశ్నలను మూడు తెగలుగా విభజిస్తారు. పుస్తకంలో వేలుపెట్టి చూపగలిగిన విషయాన్ని అడిగేది మొదటిది. పుస్తకంలోని ఆధారాలతోనే ఒకటికంటె ఎక్కువ సమాధానాలను సమర్థించుకొనడానికి వీలున్నది రెండవది. పుస్తకాన్ని దాటి పాఠకుని స్వంత తీర్పును కోరేది మూడవది. చర్చకు ప్రాణం రెండవ తెగ. అడిగేవానికి సైతం సమాధానం విషయంలో నిజమైన సందేహం ఉండాలన్నది దాని నియమం.

మాస్టారు ఈ నియమాన్ని తమకు అనువైన ఒక పరీక్షగా మార్చుకొన్నారు. ప్రశ్న వ్రాసి, కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీస్తారు. తమకు తోచిన సమాధానానికి పుస్తకంలోని ఆధారాలను ఎడమవైపున పుట సంఖ్యలతో వ్రాస్తారు. దానికి విరుద్ధమైన సమాధానానికి ఆధారాలను కుడివైపున వ్రాస్తారు. కుడివైపు ఖాళీగా మిగిలిందా, అది ప్రశ్న కాదు, ఉపదేశం. రెండువైపులా ఖాళీయేనా, అది పుస్తకంతో నిమిత్తం లేని కాలక్షేపం. ఆ విధంగా ఇరవై ప్రశ్నలలో పదిహేడు రాలిపోయాయి.

అద్దాల ప్రశ్న మాత్రం రూపు మార్చుకొని నిలిచింది. గౌరీశంకర్ అనే బొంబాయి నాయకుని నిర్బంధానికి నిరసనగా సరయూ నది ఒడ్డున సభ జరుగుతుంది. స్వామి ఉపన్యాసం విని ఆవేశపడి, విదేశీ వస్త్రాల మంటలో తన టోపీని పడవేస్తాడు. మరునాడు సమ్మె గుంపులో కలిసి ప్రధానోపాధ్యాయుని గది అద్దాలపై రాళ్లు విసురుతాడు. “ఆ రాయి గౌరీశంకర్ కోసం విసిరాడా, బడి మీది కోపంతో విసిరాడా?” అన్నది క్రొత్త ప్రశ్న. ఎడమవైపు సభ, ప్రతిజ్ఞ, టోపీ. కుడివైపు సోమవారం ఉదయం బడికి వెళ్లవలసి వచ్చిన బాలుని దిగులుతో నవల ఆరంభం కావడం, క్రైస్తవ మత పాఠం చెప్పే ఎబెనెజర్ మాస్టారితో ఘర్షణ, గుంపులో చేరినవానికి కలిగే ఉత్సాహం.

ఈ చర్చకు ముందు తప్పక తేల్చుకొనవలసిన విషయం ఒకటున్నది. నవలలోని ఆ సభ జరిగిన తేదీ 1930 ఆగస్టు 15. ఆగస్టు 15 అనగానే పిల్లల మనస్సు స్వాతంత్ర్య దినోత్సవం మీదికి పోతుంది. రచయిత ఆ తేదీని అందుకే ఎన్నుకొన్నాడని వాదన మొదలైతే చర్చ దారి తప్పుతుంది. అందుచేత మాస్టారు మొదటి తెగ ప్రశ్న ఒక్కటి ముందుగా అడిగారు: “పుస్తకం అచ్చయిన సంవత్సరమేది?” 1935 అని చూసి పిల్లలే నవ్వుకొన్నారు. పన్నెండేళ్ల తరువాత రాబోయే దినాన్ని రచయిత ఎరిగి ఉండడు గదా! విషయప్రశ్నకు చర్చలో తగిన స్థానం ఇదే. అది పిల్లలను పరీక్షించడానికి కాదు, కాలి క్రింది నేలను గట్టిచేయడానికి.

ప్రధాన ప్రశ్న వేయగానే యథాప్రకారం “దేశభక్తి మాస్టారూ” అన్నారు చాలామంది, ఆయన ముఖం చూస్తూ. దేశోద్యమం విషయంలో బడిలో ఒప్పుకొనే జవాబు ఒక్కటేనని వారి నమ్మకం. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. “ఏ పుటలో?” అని మాత్రం అడిగారు. పుటలు తిరగడం మొదలైంది. ముందుగా సిద్ధపరచుకొన్న అనుబంధ ప్రశ్నలు మూడు. గుంపు లేకుండా ఒంటరిగా ఉంటే స్వామి ఆ రాయి తీసేవాడా? లాఠీచార్జికి ఆజ్ఞ ఇచ్చినది రాజం తండ్రియేనని చూసిన తరువాత అతని కోపం ఎటు మళ్లింది? ప్రధానోపాధ్యాయుని ఎదుట విచారణలో అతడు గౌరీశంకర్ పేరు ఎందుకు ఎత్తలేదు? మూడవదానితో గది రెండుగా చీలింది. భయంవల్ల ఎత్తలేదని ఒక బాలిక అన్నది. గుర్తే లేదని మరొకడు ఆమెను ఎదిరించాడు. వారిద్దరూ మాస్టారుని మరచి ఒకరితో ఒకరు మాట్లాడుకొన్నారు. గంట మోగేసరికి అభిప్రాయం మార్చుకొన్నవారు ఉన్నారు, కాని ఏకాభిప్రాయం లేదు. నలభై అయిదు నిమిషాలకు ఒక ప్రధాన ప్రశ్న, మూడు అనుబంధ ప్రశ్నలు సరిపోయాయి.

చివరి అధ్యాయానికి మొదట వ్రాసుకొన్న ప్రశ్న “మీరెప్పుడైనా ప్రాణస్నేహితుణ్ణి పోగొట్టుకొన్నారా?” అన్నది. దానిని మాస్టారు తామే కొట్టివేశారు. తండ్రికి బదిలీ అయి రెండు నెలల క్రిందటే ఆ బడిలో చేరిన పిల్లవాడొకడు మండలిలో ఉన్నాడు, అంతవరకు నోరు విప్పినవాడు కాదు. ఎదిగే వయస్సును గురించిన నవలలో ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. పదిమంది ఎదుట బాలుని స్వంత గాయాన్ని అడగడం చర్చ కాదు, బలవంతపు వాఙ్మూలం. దాని స్థానంలో ఆయన స్టేషనులోని ఘట్టాన్నే అడిగారు. రాజం వెళ్లిపోతున్నాడు. స్వామి ఇచ్చిన పుస్తకాన్ని మణి కదిలే రైలులో అతనికి అందించాడు. రాజం ఏమన్నాడో రైలు చప్పుడులో స్వామికి వినబడలేదు. అతడు ఉత్తరం వ్రాస్తాడని, చిరునామా కూడా తెలుసునని మణి అంటాడు. అప్పుడు మణి ముఖంలో ఏమున్నదో స్వామికి అంతుపట్టదు. “మణి చెప్పినది నిజమేనా?”

నిజమేనని కొందరు, కాదని కొందరు వాదించారు. ఆ క్రొత్త పిల్లవాడు పుస్తకంపై వేలుంచి తలవంచుకొనే మొదటిసారి మాట్లాడాడు.

“అబద్ధమే మాస్టారూ. కానీ మణి అలా చెప్పకపోతే స్వామి స్టేషనునుంచి ఇంటికి వెళ్లలేడండీ.”

అతడు చెప్పినది మణిని గురించియే. తనను గురించి ఎవరూ అడగలేదు.