బీకరు అడుగున తెల్లటి పొర

నీళ్ల పరీక్షలు చేసే ల్యాబులో చేరిన కొత్తలో ఒక ఊరి బోరు నీళ్లు నా చేతికొచ్చాయి. ఆ ఊళ్లో తాగడానికి వేరే ఆధారం లేదు. అలాంటి చోట సల్ఫేటు లీటరుకు 400 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చని మన ప్రమాణం. దాటితే పనికిరాదని రాయాలి.

పద్ధతి డిగ్రీలో చేసిందే. 250 మిల్లీలీటర్ల నీళ్లలో కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి మరిగించి, వేడి బేరియం క్లోరైడ్ పోస్తే తెల్లటి బేరియం సల్ఫేటు దిగుతుంది. ఆమ్లం ఎందుకంటే, బేరియం కార్బొనేటు లాంటివి కూడా దానితోపాటు దిగకుండా. వడకట్టి, కడిగి, కాల్చి తూచి, ఆ బరువును 0.4116తో గుణిస్తే సల్ఫేటు లెక్క తేలుతుంది.

ఆ రోజు శాంపిళ్లు ఎక్కువ. బేరియం క్లోరైడ్ ఒక్కసారిగా ఒంపేసి, పది నిమిషాల్లోనే వడకట్టేశాను. సాయంత్రానికి బరువు 0.2340 గ్రాములు, అంటే లీటరుకు 385. పాస్! రిపోర్టు రాసి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు బీకర్లు కడగబోతుంటే మా సీనియర్ మేడమ్ ఆపారు. వడకట్టిన నీళ్లున్న బీకరు అడుగున పల్చగా తెల్లటి పొర. ఆమ్లం చుక్కలు వేసినా కరగలేదు.

“నీ సల్ఫేటు కాగితంలోంచి జారిపోయింది బాబూ. నిన్న ఈ నీళ్లు వెలుతురుకి పెట్టి చూశావా?”

చూడలేదు. చూసుంటే మసక కనిపించేదే.

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి బేరియం క్లోరైడ్ కొద్దికొద్దిగా, కలుపుతూ పోశాను. పైన తేరుకున్న నీటిలో ఇంకో చుక్క వేసి, కొత్తగా తెలుపు రాలేదని చూసుకున్నాను. మూతపెట్టి 80, 90 డిగ్రీల మధ్య రాత్రంతా ఉంచాను. రెండు గంటలకు తగ్గకూడదు, రాత్రంతా అయితే ఇంకా మంచిది. దీన్నే డైజెషన్ అంటారు. మరీ చిన్న స్ఫటికాలు పెద్దవాటికంటే కాస్త తేలిగ్గా కరుగుతాయి. కరిగిన ఆ పదార్థం పెద్దవాటి మీద చేరి పేరుకుంటుంది. పొద్దున్నకి పొడిలాంటిది రవ్వలా మారింది, కాగితం మీద నిలిచింది.

కాల్చేటప్పుడు ఇంకో చిక్కు. గాలి చాలకుండా కాగితం మాడితే, ఆ బొగ్గు సల్ఫేటును సల్ఫైడుగా మార్చేస్తుంది, బరువు తగ్గుతుంది. అందుకే కాగితం మండకుండా నెమ్మదిగా కమిలించి, తర్వాతే 800 డిగ్రీలకు తీసుకెళ్లాను. అనుమానమొస్తే ఒక చుక్క గంధకామ్లం వేసి మళ్లీ కాల్చాలి.

అసలు తంటా ఏంటంటే, అవక్షేపంలో బేరియం క్లోరైడో నైట్రేటో చిక్కుకుంటే బరువు పెరుగుతుంది. డైజెషన్‌తో అది పూర్తిగా పోదు. ఒకవైపు జారిపోయి, ఇంకోవైపు చిక్కుకుని, రెండు తప్పులూ కలిసి సరైన అంకె రావచ్చు! (మా కాలేజీలో చాలామందికి మార్కులు అలాగే వచ్చుంటాయి.)

ఈసారి 0.2612 గ్రాములు. లీటరుకు 430. నమ్మకం చాలక మరోసారి చేశాను, 0.2609.

పాత రిపోర్టు చింపి కొత్తది రాసిచ్చాను. మేడమ్ సంతకం పెడుతూ, “ఆ ఊరికి ఫోన్ నువ్వే చెయ్యి” అన్నారు.